ప్రాసెస్-2 లెక్క: అబ్‌నార్మల్ గెయిన్ 150 యూనిట్లా, 200 యూనిట్లా?

కావలి బీకామ్

అందరికీ నమస్తే. ఒక్క లెక్క దగ్గర ఆగిపోయినా, చూసి చెప్పండి.

ప్రాసెస్-2లో నెల మొదట్లో స్టాక్ 2,000 యూనిట్లు, విలువ రూ. 51,000. మెటీరియల్ పూర్తిగా పడింది, లేబర్, ఓవర్‌హెడ్ 40 శాతం అయ్యాయి. ప్రాసెస్-1 నుంచి వచ్చినవి 18,000 యూనిట్లు, వాటి ఖర్చు రూ. 3,46,400. ఈ ప్రాసెస్‌లో లేబర్ రూ. 1,34,800, ఓవర్‌హెడ్ రూ. 1,01,100. ప్రాసెస్-3కి పంపినవి 16,300. నెలాఖరు స్టాక్ 3,000 యూనిట్లు, మెటీరియల్ 100 శాతం, లేబర్, ఓవర్‌హెడ్ 50 శాతం. నార్మల్ లాస్ ఉత్పత్తిలో 5 శాతం, స్క్రాప్ యూనిట్‌కి రూ. 4. ఫిఫో పద్ధతిలో ఈక్వివలెంట్ యూనిట్ల స్టేట్‌మెంటు, ప్రాసెస్-2 అకౌంటు, అబ్‌నార్మల్ అకౌంటు అడిగాడు.

నేను 18,000 మీద 5 శాతం అంటే 900 తీసుకున్నా. అసలు పోయింది 700 కాబట్టి గెయిన్ 200. జవాబులో 150 ఇచ్చారు. అదొకటి. రెండోది, నా ప్రాసెస్ అకౌంటు కలవడం లేదు. డెబిట్ వైపు రూ. 13,321 ఎక్కువ వస్తా ఉంది. మెటీరియల్ ఈక్వివలెంట్ యూనిట్లు నాకు 17,500, లేబర్‌కి 17,200.

సింహపురి ట్యూషన్

తమ్ముడూ, ప్రాసెస్‌లోకి దిగిన సరుకంతా ఇన్‌పుట్టే. ఓపెనింగ్ 2,000, కొత్తవి 18,000 కలిపితే 20,000. దాని మీద 5 శాతం 1,000. పోయింది 700, కాబట్టి గెయిన్ 300. ఓపెనింగ్ స్టాక్ వదిలేసి 18,000 మీదే లెక్క కట్టడం తప్పు, ఆ యూనిట్లకీ లాస్ ఉంటాది గదా.

ఇంకొకటి, నీ 17,500 చూస్తే గెయిన్‌ని కలిపినట్టుంది. కలపకూడదు, తీసెయ్యాలి.

కావలి బీకామ్

అన్నా, జవాబు 150 అని ఇచ్చారు. మీ లెక్కన 300 వస్తాది కదా?

ఒంగోలు కాస్టింగ్

గెయిన్ తీసెయ్యాలని పై మిత్రుడు చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. ఓపెనింగ్ స్టాక్‌ని వదలకూడదన్నదీ నిజమే. కానీ 1,000 అన్న అంకె ఈ ప్రశ్నకి రాదు. ప్రశ్నలో ఇన్‌పుట్ అన్న మాటే లేదు, "ఉత్పత్తిలో 5 శాతం" అని ఉంది. ఒక్క మాట తేడాతో మూడు జవాబులు ఎట్టా వస్తాయో చూడండి.

కొత్తగా వేసిన యూనిట్ల మీద అంటే 18,000 లో 5 శాతం, 900. మొత్తం ఇన్‌పుట్ మీద అంటే 20,000 లో 5 శాతం, 1,000. ఉత్పత్తి మీద అంటే ఈ నెల ప్రాసెస్ చివరి దాకా వచ్చిన యూనిట్లు మాత్రమే. 20,000 లో ఇంకా ప్రాసెస్‌లోనే ఉన్న 3,000 తీసేస్తే 17,000. అందులో 5 శాతం 850.

పోయింది మాత్రం ఎవరు లెక్క కట్టినా మారదు. 20,000 లో 16,300 పంపారు, 3,000 మిగిలాయి, పోయింది 700. అందుకే గెయిన్ 200, 300, 150 అని మూడు రకాలుగా వస్తుంది. ఈ ప్రశ్నకి 150.

17,000 బదులు పంపిన 16,300 మీద 5 శాతం కడితే 815 వస్తుంది. అలా రాసేవాళ్లూ ఉన్నారు. అది పొరపాటు. 16,300 అంటే లాస్ పోగా మిగిలిన మంచి యూనిట్లు. లాస్ శాతాన్ని లాస్ పోకముందు ఉన్న సంఖ్య మీద కట్టాలి.

ఇక నీ రూ. 13,321 సంగతి. దాన్ని రెండుతో భాగించు, రూ. 6,660 చిల్లర వస్తుంది. నీ యూనిట్ రేటు ఎంత వచ్చిందో చూసుకో, 33.30 దగ్గర ఉండాలి. 200 యూనిట్లకి అది 6,660. అకౌంటులో తేడా సరిగ్గా గెయిన్ విలువకి రెండింతలు వచ్చిందంటే గుర్తు తారుమారయిందని అర్థం. ఈక్వివలెంట్ యూనిట్లలో మైనస్ పెట్టాల్సిన చోట ప్లస్ పెట్టావు. తేడా గెయిన్ విలువ అంతే వస్తే, స్టేట్‌మెంటులో ఆ వరసే రాయకుండా అకౌంటులో మాత్రం డెబిట్ చేశావన్నమాట. పరీక్ష హాల్లో అకౌంటు కలవకపోతే ఈ రెండూ ముందు చూసుకో. లెక్కంతా మళ్లీ వెయ్యాల్సిన పని ఉండదు.

కావలి బీకామ్

మాస్టారూ, రేటు 33.30 సరిగ్గా అంతే వచ్చింది! మైనస్ ఎందుకు పెట్టాలో మాత్రం చెప్పండి. గెయిన్ అంటే ఎక్కువ వచ్చిన యూనిట్లు కదా, ఎక్కువ వచ్చినప్పుడు కలపాలి కదా?

ఒంగోలు కాస్టింగ్

ఆ 150 యూనిట్లు ఎక్కడున్నాయి? ప్రాసెస్-3కి పంపిన 16,300 లోనే ఉన్నాయి. కొత్తగా వేసి పూర్తి చేసినవి 14,300 అని ఒక వరసలో రాశావు గదా, దాంట్లో ఒకసారి లెక్కకొచ్చేశాయి. మళ్లీ కలిపితే రెండుసార్లు లెక్కపెట్టినట్టు.

తీసెయ్యడానికి కారణం వేరే. యూనిట్ రేటు అనేది మామూలుగా రావాల్సిన ఉత్పత్తి మీద కట్టాలి. ఈ నెల అదృష్టం బాగుండి 150 ఎక్కువ మిగిలాయని రేటు తగ్గించేస్తే, ప్రాసెస్-3కి పోయే సరుకు ధర ఆ అదృష్టం మీద ఆధారపడుతుంది. అందుకని 150 తీసేసి రేటు కట్టి, ఆ 150 కి అదే రేటున విలువ వేసి, ప్రాసెస్ అకౌంటులో డెబిట్ చేసి, లాభాన్ని కాస్టింగ్ లాభనష్టాల అకౌంటుకి పంపుతాం.

గెయిన్ ఎప్పుడూ 100 శాతం పూర్తయినట్టే, అన్ని ఎలిమెంట్లకీ. అవి బయటికి పోయిన మంచి యూనిట్లలో భాగం, సగం పూర్తయిన గెయిన్ అంటూ ఉండదు. అబ్‌నార్మల్ లాస్ అయితే ఎంత శాతం దగ్గర పోయిందో ప్రశ్నలో చూసి వెయ్యాలి. ఈ రెండింటినీ కలిపేసుకుని గెయిన్‌కి కూడా శాతం వెతికేవాళ్లు చాలామంది.

గూడూరు నిమ్మ

నేను 850 పెట్టి చేశాను. మెటీరియల్ 17,150 వచ్చింది. లేబర్, ఓవర్‌హెడ్ 16,450. లేబర్ రేటు 8.19 వస్తా ఉంది. ఇదేనా?

ఒంగోలు కాస్టింగ్

మెటీరియల్ సరిపోయింది. లేబర్ దగ్గర ఓపెనింగ్ స్టాక్‌కి 800 వేసి ఉంటావు, అంటే 2,000 లో 40 శాతం. ఆ 40 శాతం పని పోయిన నెలలోనే అయిపోయింది, దాని ఖర్చు ఆ రూ. 51,000 లో కూర్చుని ఉంది. ఫిఫోలో ఈ నెల చేసిన పనినే లెక్కపెడతాం. మిగిలిన 60 శాతం, అంటే 1,200. క్లోజింగ్ స్టాక్‌కి అయిన పని రాస్తాం, ఓపెనింగ్‌కి మిగిలిన పని రాస్తాం. ప్రశ్నలో రెండింటికీ "అయిన" శాతమే ఇస్తారు కాబట్టి తొందరలో రెండూ ఒకేలా రాసేస్తారు.

స్టేట్‌మెంటు ఇట్టా రావాలి:

| వివరం | యూనిట్లు | మెటీరియల్ | లేబర్, ఓవర్‌హెడ్ |
|---|---|---|---|
| ఓపెనింగ్ స్టాక్ పూర్తి చేసినవి | 2,000 | – | 1,200 |
| కొత్తగా వేసి పూర్తి చేసినవి | 14,300 | 14,300 | 14,300 |
| నార్మల్ లాస్ | 850 | – | – |
| క్లోజింగ్ స్టాక్ | 3,000 | 3,000 | 1,500 |
| | 20,150 | 17,300 | 17,000 |
| తీసివేత: అబ్‌నార్మల్ గెయిన్ | 150 | 150 | 150 |
| మొత్తం | 20,000 | 17,150 | 16,850 |

యూనిట్ల వరస చివర 20,000 రాకపోతే అక్కడే ఆగి వెతుక్కోండి. ఆ తర్వాత వేసేదంతా వృథా.

గూడూరు నిమ్మ

ఆఁ, 1,200 పెడితే లేబర్ సరిగ్గా 8, ఓవర్‌హెడ్ 6 వచ్చాయి. మెటీరియల్ మాత్రం 20.03 వస్తా ఉంది. అది 20 రావాలనుకుంటా.

కావలి బీకామ్

నాకు 20 వచ్చింది. నువ్వు స్క్రాప్ ఎంత తీశావు?

గూడూరు నిమ్మ

700 × 4, రూ. 2,800. అమ్మింది అంతే కదా.

అద్దంకి మేడం

అక్కడే జారారు. ప్రాసెస్ అకౌంటులో నార్మల్ లాస్ వరస ఎప్పుడూ నార్మల్ యూనిట్లకే, 850 × 4, రూ. 3,400. అసలు పోయింది 700 అయినా సరే. మెటీరియల్ ఖర్చు 3,46,400 లో 3,400 తీస్తే 3,43,000. దాన్ని 17,150 తో భాగిస్తే సరిగ్గా 20. రూ. 2,800 తీస్తే 3,43,600 అవుతుంది, అందుకే 20.03 వచ్చింది.

850 కి 3,400 రావాలని ప్రాసెస్ అకౌంటులో రాసేశాం, చేతికి మాత్రం 700 కి 2,800 వస్తుంది. మధ్యలో ఉన్న రూ. 600 ఎవరు భరించాలి? గెయిన్ భరించాలి. ఆ 150 యూనిట్లు మంచివిగా మిగిలాయి కాబట్టే వాటి స్క్రాప్ డబ్బు పోయింది. అబ్‌నార్మల్ గెయిన్ అకౌంటులో ఈ 600 పెట్టకుండా గెయిన్ విలువ మొత్తం లాభనష్టాలకి పంపించేవాళ్ల పేపర్లు నేను దిద్దేటప్పుడు కట్టలకి కట్టలు కనపడతాయి. ప్రాసెస్ అకౌంటు కలుస్తుంది కాబట్టి వాళ్లకి తప్పు చేశామని తెలియదు. నార్మల్ లాస్ అకౌంటు రాస్తే మాత్రం 600 తేలిపోతుంది. అందుకే అడక్కపోయినా ఆ మూడు వరసల అకౌంటు రాయమని మా పిల్లలకి చెప్తాను.

రేట్లు వచ్చాయి కాబట్టి మిగతాది కట్టెయ్యండి. మెటీరియల్ 20, లేబర్ 8, ఓవర్‌హెడ్ 6, మొత్తం 34.

కావలి బీకామ్

కట్టాను మేడం, చూడండి.

ఓపెనింగ్ స్టాక్ పూర్తి చెయ్యడానికి 1,200 × 14, రూ. 16,800. కొత్తవి 14,300 × 34, రూ. 4,86,200. పోయిన నెల నుంచి వచ్చిన 51,000 కూడా కలిపితే ప్రాసెస్-3కి పోయేది రూ. 5,54,000. క్లోజింగ్ స్టాక్ మెటీరియల్ 3,000 × 20 అంటే 60,000, లేబర్, ఓవర్‌హెడ్ 1,500 × 14 అంటే 21,000, కలిపి 81,000. గెయిన్ 150 × 34, రూ. 5,100.

ప్రాసెస్-2 అకౌంటు:

| డెబిట్ | యూనిట్లు | రూ. | క్రెడిట్ | యూనిట్లు | రూ. |
|---|---|---|---|---|---|
| ఓపెనింగ్ స్టాక్ | 2,000 | 51,000 | నార్మల్ లాస్ | 850 | 3,400 |
| ప్రాసెస్-1 | 18,000 | 3,46,400 | ప్రాసెస్-3 | 16,300 | 5,54,000 |
| లేబర్ | | 1,34,800 | క్లోజింగ్ స్టాక్ | 3,000 | 81,000 |
| ఓవర్‌హెడ్ | | 1,01,100 | | | |
| అబ్‌నార్మల్ గెయిన్ | 150 | 5,100 | | | |
| | 20,150 | 6,38,400 | | 20,150 | 6,38,400 |

రెండు వైపులా కలిసింది!

అద్దంకి మేడం

చాలా శుభ్రంగా ఉంది. ఇప్పుడు చిన్న అకౌంట్లు రెండూ. నార్మల్ లాస్ అకౌంటు డెబిట్ వైపు ప్రాసెస్-2 నుంచి 850 యూనిట్లు, 3,400. క్రెడిట్ వైపు అబ్‌నార్మల్ గెయిన్ 150 యూనిట్లు, 600. నగదు 700 యూనిట్లు, 2,800. అబ్‌నార్మల్ గెయిన్ అకౌంటు క్రెడిట్ వైపు ప్రాసెస్-2, రూ. 5,100. డెబిట్ వైపు నార్మల్ లాస్ 600, మిగిలిన 4,500 కాస్టింగ్ లాభనష్టాల అకౌంటుకి.

ఒక్క సలహా. 51,000 కి 16,800, 4,86,200 కలిపి 5,54,000 ఎట్టా వచ్చిందో వర్కింగ్ నోట్‌లో కనపడాలి. చాలామంది 16,300 × 34 అని 5,54,200 వేసేస్తారు, రూ. 200 తేడా వస్తుంది. ఫిఫోలో పంపిన యూనిట్లన్నిటికీ ఒకే రేటు ఉండదు. పోయిన నెల చేసిన పని పోయిన నెల ఖర్చుతోనే వస్తుంది.

కృష్ణపట్నం ఐస్

నా సందేహం కొంచెం పక్కది, ఏమనుకోకండి. నేను రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో అకౌంట్స్ చూస్తాను. మేము తల తీసే సెక్షన్లో 35 శాతం నార్మల్ లాస్ పెట్టుకున్నాం. 1,000 కిలోలు వేస్తే 650 రావాలి. ఈ మధ్య 670 వస్తోంది. పై లెక్క ప్రకారం దీన్ని 20 కిలోల అబ్‌నార్మల్ గెయిన్ అని రాసి లాభనష్టాలకి పంపాలా? రొయ్యకి ఈక్వివలెంట్ యూనిట్లు ఎట్టా కట్టాలి?

ఒంగోలు కాస్టింగ్

మీకు ఈక్వివలెంట్ యూనిట్ల పని దాదాపు ఉండదండీ. సగం తల తీసిన సరుకు నెలాఖరున సెక్షన్లో పెట్టుకుని కూర్చోలేరు గదా, రాత్రికి ఫ్రీజింగ్‌కి పోవాల్సిందే. క్లోజింగ్ స్టాక్ అంతా ఒక మెట్టు పూర్తయిన సరుకుగానే ఉంటుంది.

ఆ 20 కిలోల దగ్గర మాత్రం రెండు విషయాలు చూడండి. ముందు తూకం. తల తీశాక నీళ్లలోంచి తీసి వెంటనే కాటా మీద పెడితే నీళ్ల బరువు పడుతుంది. అది గెయిన్ కాదు, తూకం తప్పు. ఒకే లాటుని నీళ్లు కారనిచ్చి మళ్లీ తూచండి, తేడా పోతే సంగతి అదే. తూకం సరిగ్గా ఉండి నెలల తరబడి 670 వస్తుంటే అప్పుడు 35 శాతమే తప్పు, నార్మల్‌ని మార్చాలి. ప్రతి నెలా వచ్చేదాన్ని అబ్‌నార్మల్ అనలేం. కౌంటుని బట్టి కూడా తేడా ఉంటుంది కాబట్టి అన్ని సైజులకీ ఒకటే శాతం పెట్టుకున్నారేమో చూసుకోండి.

కృష్ణపట్నం ఐస్

అవునండీ, అన్ని కౌంట్లకీ ఒకటే శాతం. తలలు కూడా కిలోల లెక్కన అమ్ముతున్నాం, ఆ డబ్బు వేరే ఆదాయంలో రాస్తున్నాం.

అద్దంకి మేడం

తలలు అమ్మిన డబ్బు స్క్రాప్ విలువే. చిన్న మొత్తం అయితే ఆ సెక్షన్ మెటీరియల్ ఖర్చులోంచి తగ్గించండి, పైన 3,400 తగ్గించినట్టు. ఇతర ఆదాయంలో పెడితే రొయ్య ఖర్చు ఉన్నదానికంటే ఎక్కువ కనపడుతుంది, రేటు చెప్పేటప్పుడు మీకే ఇబ్బంది.

పెన్నా తీరం

లెక్క అంతా కలిసింది, బాగుంది. కానీ నాకు ఒక దగ్గర ఒప్పుకోబుద్ధి కావడం లేదు. నార్మల్ లాస్‌ని ఉత్పత్తి మీద, అంటే క్లోజింగ్ స్టాక్ తీసేసి లెక్క కట్టారు. దానర్థం లాస్ ప్రాసెస్ చివర తేలుతుందని, క్లోజింగ్‌లో ఉన్న 3,000 ఇంకా అక్కడికి రాలేదని. మరి స్టేట్‌మెంటులో నార్మల్ లాస్‌కి సున్నా వేసినప్పుడు ఆ లాస్ ఖర్చు అన్ని యూనిట్ల మీదా పడింది, క్లోజింగ్ స్టాక్ మీద కూడా. లాస్ దగ్గరికే రాని యూనిట్లు లాస్ ఎందుకు మొయ్యాలి?

నార్మల్ లాస్‌కి కూడా 850 ఈక్వివలెంట్ యూనిట్లు వేసి, దాని ఖర్చుని పూర్తయిన యూనిట్ల మీదే వేస్తే మెటీరియల్ 18,000, మిగతా రెండూ 17,700 అవుతాయి. స్క్రాప్‌ని లాస్ ఖర్చులోంచే తీసేస్తే రేట్లు 19.24, 7.62, 5.71 దగ్గర వస్తాయి. క్లోజింగ్ స్టాక్ సుమారు రూ. 77,725 అవుతుంది. మనం వేసింది 81,000. మూడు వేల పైన తేడా.

సింహపురి ట్యూషన్

బ్రదర్, పరీక్షలో అట్టా చేస్తే మార్కులు రావు. నార్మల్ లాస్‌కి సున్నా అన్నది రూలు.

పెన్నా తీరం

రూలు అనేదానికంటే పద్ధతి అనండి. లాస్ మొదట్లోనే, మెటీరియల్ వెయ్యగానే పోతే మీ సున్నా సరిగ్గా సరిపోతుంది, అప్పుడు క్లోజింగ్ యూనిట్లు కూడా లాస్ దాటే వచ్చాయి. చివర్లో పోతే సరిపోదు. నా మాట అంతవరకే.

ఒంగోలు కాస్టింగ్

పెన్నా తీరం గారి తర్కం బలమైనదే. తనిఖీ చివర జరిగితే క్లోజింగ్ స్టాక్‌కి లాస్ తగలకూడదు. ఖర్చుని లోతుగా చూసేవాళ్లు అట్టాగే చేస్తారు. కానీ ఇక్కడి బీకామ్, సీఎంఏ, సీఏ ఇంటర్ ప్రశ్నలు తయారయ్యేది సున్నా పద్ధతి మీదే. ఈ లెక్కలో రేట్లు 20, 8, 6 అని గుండ్రంగా పడటమే దానికి గుర్తు. ప్రశ్న రాసినవాళ్లు ముందు రేటు అనుకుని వెనక్కి కట్టారు. అట్టాగని రేటు గుండ్రంగా రాకపోతే లెక్క తప్పనుకుని కొట్టేసుకోవద్దు, అన్ని పేపర్లూ అట్టా ఉండవు.

అద్దంకి మేడం

నేను ఇంకొంచెం ముందుకెళ్తాను. తనిఖీ ఎంత శాతం దగ్గర జరిగిందో ప్రశ్నలో స్పష్టంగా ఇస్తే సున్నా పద్ధతి కళ్లు మూసుకుని వాడటం నాకిష్టం లేదు. ఇవ్వనప్పుడు మాత్రం సున్నా. "నార్మల్ లాస్‌కి ఈక్వివలెంట్ యూనిట్లు లేవని, స్క్రాప్ విలువ మెటీరియల్‌లోంచి తగ్గించామని భావించాం" అని ఒక వాక్యం రాస్తే దిద్దేవాళ్లకి మీ దారి తెలుస్తుంది.

పెన్నా తీరం

తనిఖీ శాతం ఇచ్చినప్పుడు ఏం చెయ్యాలో దిద్దేవాళ్లందరూ ఒకేలా చూస్తారని మీకు నమ్మకమా మేడం?

అద్దంకి మేడం

లేదు. అందుకే ఆ వాక్యం రాయమన్నాను.

సింహపురి ట్యూషన్

సరే, నా 20,000 మాట వదల్లేదు నేను. ప్రశ్నలో "ఉత్పత్తి" అనకుండా "ఇన్‌పుట్‌లో 5 శాతం" అని ఉంటే అప్పుడు 1,000 కదా?

ఒంగోలు కాస్టింగ్

"మొత్తం ఇన్‌పుట్" అనో, ఓపెనింగ్ స్టాక్‌తో కలిపి అనో ఉంటే 1,000 లో సందేహం లేదు. "వేసిన యూనిట్లలో" అని ఉంటే 900. వట్టి "ఇన్‌పుట్" అని మాత్రమే ఉంటే నేను 20,000 మీదే కడతాను, మీలాగే.

అద్దంకి మేడం

నేను 18,000 మీద కడతాను. ఓపెనింగ్ స్టాక్ పోయిన నెల ఇన్‌పుట్, ఈ నెలది కాదు.

కావలి బీకామ్

ఇద్దరూ రెండు రకాలుగా చెప్తే నేనేం రాయాలి?

ఒంగోలు కాస్టింగ్

ఏది తీసుకున్నా స్టేట్‌మెంటు పైన ఒక వరసలో చెప్పి చెయ్యి. "ఓపెనింగ్ స్టాక్‌తో కలిపిన ఇన్‌పుట్ మీద నార్మల్ లాస్ లెక్కించడమైనది" అంటే చాలు. చెప్పకుండా 1,000 అని రాస్తే ఎక్కడి నుంచి వచ్చిందో దిద్దేవాళ్లు వెతుక్కోవాలి.

గూడూరు నిమ్మ

చివరిది ఒకటి. ఇదే లెక్క యావరేజ్ పద్ధతిలో అడిగితే?

ఒంగోలు కాస్టింగ్

ఇచ్చిన అంకెలతో కుదరదు. ఓపెనింగ్ స్టాక్ 51,000 అని ఒకే ముద్దగా ఇచ్చారు. యావరేజ్‌కి మెటీరియల్ ఎంత, లేబర్ ఎంత, ఓవర్‌హెడ్ ఎంత అని విడివిడిగా కావాలి. ప్రశ్నలో పద్ధతి చెప్పకుండా ఓపెనింగ్ విలువ ఒకే అంకెగా ఇచ్చి, పని ఎంత శాతం అయ్యిందో కూడా ఇస్తే అది ఫిఫో చెయ్యమన్నట్టే.

విడగొట్టి ఇచ్చారనుకుందాం, మెటీరియల్ 39,000, లేబర్ 6,800, ఓవర్‌హెడ్ 5,200. అప్పుడు ఓపెనింగ్‌కి వేరే వరస ఉండదు. పూర్తయినవి 16,300 మొత్తం 100 శాతం, క్లోజింగ్ మామూలే, గెయిన్ 150 తీసివేత. మెటీరియల్ 19,150, మిగతావి 17,650. ఖర్చుల్లో ఓపెనింగ్ ఖర్చు కలిపి భాగించాలి. గెయిన్ 150 మారదు, నార్మల్ లాస్ 850 మారదు, స్క్రాప్ 3,400 మారదు. రేటు మాత్రం చిల్లరలో పడుతుంది. మెటీరియల్ 19.9478, లేబర్, ఓవర్‌హెడ్ కలిపి 14.0453. రెండు దశాంశాలకే కుదించి 16,300 తో గుణిస్తే అకౌంటులో తేడా వస్తుంది కాబట్టి నాలుగు దశాంశాలు ఉంచు. ప్రాసెస్-3కి 5,54,088, క్లోజింగ్ 80,911, గెయిన్ 5,099 రావాలి.

గూడూరు నిమ్మ

వేశాను. రెండు వైపులా 6,38,399.

ఒంగోలు కాస్టింగ్

సరిపోయింది. ఇప్పుడు పంపినవి 16,300 బదులు 16,000 అనుకుని ఇదే లెక్క ఫిఫోలో మళ్లీ వెయ్యి. పోయింది 1,000 అవుతుంది, నార్మల్ 850 అట్టాగే ఉంటుంది. గెయిన్ బదులు 150 అబ్‌నార్మల్ లాస్ వస్తుంది. ఆ వరస ప్లస్‌తో, 100 శాతం అనుకుని పెట్టి, అకౌంటులో క్రెడిట్ వైపు రాసి కలుస్తుందో లేదో ఇక్కడే పెట్టు.